మీమ్ ఫార్వర్డ్ చేస్తే రాజకీయాల్లో పాల్గొన్నట్టేనా? 250 పదాల అబ్‌స్ట్రాక్ట్ వెనక పని

ఫారం, పదాల బడ్జెట్

బెంగళూరులో చదువుకునే తెలుగు విద్యార్థులు ఎన్నికల రోజుల్లో మీమ్స్‌తో ఏం చేశారన్నది పేపర్. ఇప్పుడు చేతిలో ఉన్న పని మాత్రం దాని అబ్‌స్ట్రాక్ట్, అంటే చిన్న సారాంశం. కాన్ఫరెన్స్ ఫారంలో ఐదు గడులున్నాయి: నేపథ్యం, ఉద్దేశం, పద్ధతి, ఫలితాలు, ముగింపు. అన్నీ కలిపి 250 పదాలు దాటకూడదు, పంపాల్సింది ఇంగ్లీషులో. రివ్యూ చేసేవాళ్ళకి రాసింది ఎవరో తెలియకూడదు. అందుకని ఒక మాట ముందే చెప్పాలి. రివ్యూ పూర్తయ్యేదాకా అసలు డేటా బయట పెట్టం కాబట్టి, ఈ డైరీలోని సర్వే అంకెలన్నీ లెక్క చూపించడానికి వేసుకున్న నమూనా అంకెలు. ఎన్నికల తేదీలు మాత్రం అసలువే.

రాయడానికి ముందే పదాలు పంచుకున్నాం. నేపథ్యానికి 35, ఉద్దేశానికి 30, పద్ధతికి 70, ఫలితాలకి 85, ముగింపుకి 30. ఇలా గీత గీసుకోకపోతే ఏమవుతుందో ఈ అంశం మీద వచ్చే అబ్‌స్ట్రాక్ట్‌లు నాలుగు చదివితే తెలిసిపోతుంది. సగం పదాలు నేపథ్యమే తినేస్తుంది. మీమ్ అనే మాటని 1976లో రిచర్డ్ డాకిన్స్ వాడాడని ఒక వాక్యం, చేతిలో ఫోన్ లేని యువత లేదని ఇంకో వాక్యం, డేటా చౌక అయిందని మరొకటి. రివ్యూ చేసేవాళ్ళకి ఇవన్నీ తెలిసినవే, వీటికి మార్కులు పడవు. నేపథ్యంలో ఉండాల్సింది ఇంతవరకు ఎవరూ సరిగా చూడనిది ఒక్కటి.

మాకు దొరికిన ఆ ఒక్కటి ఎన్నికల క్యాలెండర్లోనే ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బెంగళూరు పోలింగ్ ఏప్రిల్ 26న జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మే 13న, ఆంధ్రలో అసెంబ్లీకి కూడా అదే రోజు. మారతహళ్ళి పీజీలో ఉండే కుర్రాడికి వీధిలో కనబడే ఎన్నిక ఒకటైతే, ఓటున్న ఎన్నిక ఇంకొకటి. రెండోదాని ప్రచారం అతనికి చాలావరకు ఫోన్లోనే జరిగింది. చదువు ఒక రాష్ట్రంలో, ఓటు ఇంకో రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి మీమ్ ఏ పని చేసిపెట్టింది? ఈ ప్రశ్న 35 పదాల్లో పడుతుంది.

గడులు నింపే వరస ఫారంలో ఉన్న వరస కాదు. ముందు పద్ధతి, తరవాత ఫలితాలు, ఆ రెండింటినీ చూసి ముగింపు, చివర్లో ఉద్దేశం, నేపథ్యం. పై నుంచి రాసుకుంటూ వస్తే ఉద్దేశంలో వాగ్దానం పెద్దదై, కింద లెక్క దానికి చాలదు.

పద్ధతి గడి: దేన్ని "పాల్గొనడం" అన్నాం

మొదటి డ్రాఫ్టులో ఉన్న వాక్యం ఇది: "విద్యార్థులు మీమ్స్ ద్వారా రాజకీయాల్లో ఎలా పాల్గొంటున్నారో సర్వే ద్వారా పరిశీలించాం." చదవడానికి నున్నగానే ఉంది గానీ ఇందులో కొలత లేదు. మీమ్ చూసి నవ్వుకున్నవాడు కూడా పాల్గొన్నట్టేనా? లైక్ కొట్టినవాడు? ఈ గీత ఎక్కడ గీశారో అబ్‌స్ట్రాక్ట్‌లోనే చెప్పకపోతే కింద వచ్చే శాతాలకి అర్థం ఉండదు. చూడటాన్ని కూడా కలిపేస్తే దాదాపు అందరూ పాల్గొన్నట్టే తేలుతుంది. తయారీ ఒక్కటే లెక్కేస్తే కొద్దిమందే మిగులుతారు. డేటా అదే అయినా పేపర్లు రెండు రకాలుగా తేలతాయి.

గీత గీయడానికి రాజకీయ శాస్త్రవేత్త యాన్ వాన్ డెత్ 2014లో ప్రతిపాదించిన ప్రశ్నల వరస తీసుకున్నాం. అది వరసగా అడుగుతుంది: ఇది ఒక పనేనా, లేక ఆసక్తి మాత్రమేనా? ఇష్టపడి చేసిందేనా? పౌరుడిగా చేసిందా, జీతానికి చేసిందా? ప్రభుత్వం, రాజకీయం అనే రంగంలోనే జరిగిందా? అన్నిటికీ అవునంటే అది పాల్గొనడమే, ఓటు వేయడం ఇలా తేలిపోతుంది. చివరి ప్రశ్నకి కాదంటే ఇంకొన్ని అడగాలి: ఆ రంగాన్ని గురిపెట్టి చేశారా? ఊరి సమస్య, సమాజం సమస్య తీర్చడానికి చేశారా? అదీ కాకపోతే, రాజకీయ ఉద్దేశం చెప్పడానికే ఆ పని చేశారా?

మీమ్‌ని ఈ వరసలో పెడితే చూడటం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఫార్వర్డ్ చేయడం పనే, సాధారణంగా ఇష్టపడి చేసేదే. వాట్సాప్ గ్రూపు రాజకీయ రంగం కాదు, కాబట్టి అది చివరి ప్రశ్నల్లోకి వెళ్తుంది. అక్కడ గురి, ఉద్దేశం అడక్కుండా తేలదు. అందుకే సర్వేలో ఫార్వర్డ్ ప్రశ్న కింద "ఎందుకు పంపారు?" అని ఇంకో ప్రశ్న ఉంది. ఎంచుకోవడానికి "నవ్వొచ్చింది కాబట్టి", "నా అభిప్రాయం తెలియాలని", "ఎదుటివాళ్ళని ఒప్పించాలని", "ఏదో అలవాటుగా" అన్న జవాబులు ఇచ్చాం, ఒకటికి మించి ఎంచుకోవచ్చు. మొదటిదీ చివరిదీ తప్ప ఇంకేదీ ఎంచుకోనివాళ్ళని పాల్గొన్నవాళ్ళలో కలపలేదు. నవ్వు కోసమే పంపినా దాని ఫలితం రాజకీయమే కదా అని వాదించేవాళ్ళున్నారు. వాదనలో బలముంది. కానీ ఈ సర్వే ఫలితాన్ని కొలవలేదు, చేసినవాళ్ళ ఉద్దేశాన్నే అడిగింది. కొలవనిదాన్ని లెక్కలో కలపలేం.

మూడో ప్రశ్నని చాలామంది దాటేస్తారు. ఎన్నికల ముందు డబ్బు తీసుకుని మీమ్ పేజీలకి బొమ్మలు చేసిచ్చే విద్యార్థులు ఉంటారు. అది పార్ట్‌టైం పని. వాళ్ళని పౌరుడిగా పాల్గొన్నవాళ్ళతో కలిపితే తయారీ అంకె ఉబ్బిపోతుంది. "దీనికి డబ్బు గానీ, రీచార్జ్ గానీ, మరేదైనా గానీ ముట్టిందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. "పారితోషికం" అని అడిగితే రీచార్జ్ వేయించుకున్నవాళ్ళు అది తమకి వర్తించదనుకుని కాదని టిక్ పెడతారు. అడిగే మాట వాళ్ళు వాడే మాట అయి ఉండాలి.

ఇంత ఆలోచన అబ్‌స్ట్రాక్ట్‌లోకి వచ్చేసరికి ఒకే వాక్యం అయింది: ప్రతిఫలం లేకుండా, అభిప్రాయం చెప్పడానికో ఒప్పించడానికో చేసిన ఫార్వర్డ్‌నూ తయారీనీ మాత్రమే పాల్గొనడంగా లెక్కించాం. పద్ధతి గడికి ఇచ్చిన 70 పదాల్లో పావు వంతుకి పైగా దీనికే పోయింది. పోనివ్వాలి, రివ్యూలో మొదట వెతికేది దీన్నే.

కాలం కూడా ఇక్కడే పడాలి. "ఎన్నికల సమయంలో" అంటే ఎవరికి వాళ్ళు ఒక లెక్క వేసుకుంటారు. "మే 13కి ముందు 30 రోజుల్లో" అని రాశాం. సర్వే జూన్‌లో జరిగింది, ఎందుకంటే ఓటు వేశారా అన్న ప్రశ్న పోలింగ్ తరవాతే అడగగలం. మరీ ఆలస్యమైతే ఏ మీమ్ ఎప్పుడు పంపారో గుర్తుండదు.

ఫార్వర్డ్ అయింది రాజకీయ మీమేనా?

సర్వేలో కొందరు తాము పంపిన మీమ్స్ స్క్రీన్‌షాట్లు కూడా ఇచ్చారు. వాటిలో 60 తీసి ఇద్దరు విడివిడిగా "రాజకీయం", "కాదు" అని గుర్తులు పెట్టారు. అబ్‌స్ట్రాక్ట్‌లో మొదట రాసింది "ఇద్దరి మధ్య 83 శాతం అంగీకారం" అని. ఈ అంకె మంచిగా కనిపిస్తుంది గానీ మోసం చేస్తుంది.

ఇద్దరూ రాజకీయమన్నవి 45, ఇద్దరూ కాదన్నవి 5, ఒకరు అవునని ఇంకొకరు కాదన్నవి ఒక వైపు 6, ఇంకో వైపు 4. అంటే 60లో 50 కలిశాయి, అదే 83 శాతం. కానీ ఇద్దరూ ఎక్కువ వాటికి "రాజకీయం" అనే పెడుతున్నారు కాబట్టి కళ్ళు మూసుకుని పెట్టినా 72 శాతం దాకా కలుస్తాయి. ఆ యాదృచ్ఛిక భాగం తీసేశాక మిగిలే కోహెన్ కప్పా 0.40 మాత్రమే. ఇది బలహీనం. ఉత్త శాతం రాసి పంపితే, లెక్క తెలిసిన రివ్యూయర్ కప్పా ఎందుకు దాచారని అడుగుతాడు.

గొడవ పడిన పదీ చూస్తే కారణం తెలిసింది. చాలావరకు బ్రహ్మానందం ముఖం ఉన్న టెంప్లేట్లే. పైన "జీతాలు పడ్డాయా?" అన్న మాట తప్ప ఇంకేం లేదు. ఒకరికి అది ప్రభుత్వ ఉద్యోగుల జీతాల మీద చురక, ఇంకొకరికి ఐటీ ఆఫీసు జోకు. ముఖం ఏ వైపూ తేల్చదు. అందుకని కోడింగ్ షీట్లో నియమం మార్చాం. బొమ్మ మీద రాతలో గానీ, పంపినవాళ్ళు కింద జోడించిన మాటలో గానీ, గుర్తుపట్టగల నాయకుడి బొమ్మలో గానీ ప్రభుత్వం, పార్టీ, పథకం, ఎన్నిక వీటిలో ఒకటి కనబడితేనే రాజకీయం. లేకపోతే కాదు, మనసులో ఏమనిపించినా సరే. కొత్తగా మరో 60 తీసి ఈ నియమంతో కోడ్ చేస్తే ఇద్దరూ అవునన్నవి 38, కాదన్నవి 16, తేడా వచ్చినవి 6, చెరోవైపు మూడు. కప్పా 0.77. పాత 60నే మళ్ళీ కోడ్ చేసి పెరిగిందనడం చెల్లదు, వాటి మీద చర్చ అయిపోయింది కాబట్టి.

ఈ నియమం వల్ల నష్టం లేకపోలేదు. గుట్టుగా వేసే చురకలన్నీ లెక్కలోంచి జారిపోతాయి, తెలుగు మీమ్స్‌లో అసలు పదును అక్కడే ఉంటుంది. పూర్తి పేపర్లో ఇది పరిమితిగా రాయాలి. అబ్‌స్ట్రాక్ట్‌లో చోటు లేదు.

ఫలితాలు: కింద ఉన్న అంకె ఏది

శాతం రాసిన ప్రతిచోటా అది ఎంతమందిలో అన్నది పక్కనే ఉండాలి. మాకు మొత్తం 212 మంది జవాబులు లెక్కకి పనికొచ్చాయి. వాళ్ళలో 138 మంది, అంటే 65.1 శాతం, మా నిర్వచనం ప్రకారం రాజకీయ మీమ్ ఫార్వర్డ్ చేశారు. 31 మంది, 14.6 శాతం, సొంతంగా చేశారు లేదా ఉన్నదాన్ని మార్చారు. ఇక్కడిదాకా కింద ఉన్న అంకె 212.

ఓటు దగ్గరికి రాగానే కింది అంకె మారుతుంది. 212 మందిలో 176 మందికే ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ ఓటర్ల జాబితాలో పేరుంది. 14 మంది ఓటు కర్ణాటకకి మార్చుకున్నారు, 22 మందికి ఎక్కడా లేదు. మే 13న ఓటు వేశారా అన్న ప్రశ్న ఆ 36 మందికి వర్తించదు. వాళ్ళని "వేయలేదు" కింద కలిపేయడం ఈ రకం సర్వేల్లో తరచుగా జరిగే పని. అలా కలిపితే ఓటు శాతం కారణం లేకుండా పడిపోతుంది. అది జరిగిందో లేదో పట్టుకోవడం తేలిక: ఓటు వేసినవాళ్ళు, వేయనివాళ్ళు కలిపితే మొత్తం శాంపిల్ వచ్చిందంటే ఎక్కడో అందరినీ ఓటర్లుగా లెక్కేశారన్నమాట.

176 మందిలో మీమ్ తయారుచేసినవాళ్ళు 26. వాళ్ళలో 16 మంది ఓటు వేశామన్నారు, 61.5 శాతం. తయారుచేయని 150 మందిలో 77 మంది, 51.3 శాతం. తేడా 10.2 శాతం పాయింట్లు. మొదటి డ్రాఫ్టులో "మీమ్ తయారుచేసేవాళ్ళు ఎక్కువగా ఓటు వేస్తారు" అని రాసేశాం కూడా. ఆ వాక్యం నిలబడుతుందో లేదో ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైనుతో తెలుస్తుంది.

```
prop.test(c(16, 77), c(26, 150), correct = FALSE)
```

95 శాతం విశ్వాస అంతరం మైనస్ 10.1 నుంచి 30.5 దాకా వచ్చింది. అంటే అసలు తేడా పెద్దదే కావచ్చు, సున్నా కావచ్చు, తిరగబడనూ వచ్చు. 26 మందితో ఇంతకన్నా చెప్పలేం. ఇలాంటప్పుడు తేడా అంకెనీ అంతరాన్నీ రెండూ రాయాలి. "గణనీయమైన తేడా లేదు" అని మాత్రమే రాస్తే చదివేవాళ్ళు తేడా లేదని తేలిందనుకుంటారు, కానీ ఇక్కడ తేలనేలేదు.

దశాంశం విషయం చిన్నదే గానీ చెప్పాలి. 62 శాతం, 51 శాతం, తేడా 10 అని గుండ్రంగా రాస్తే రివ్యూయర్ తీసివేత చేసి 11 రావాలి కదా అంటాడు. ఒక దశాంశ స్థానం ఉంచితే ఆ ప్రశ్న రాదు.

రెస్పాన్స్ రేటు రాయలేదు. లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, ఎంతమంది చూశారో లెక్క లేదు. గ్రూపు సభ్యుల సంఖ్యతో భాగించి రేటు అని రాసేవాళ్ళున్నారు. ఒకే మనిషి నాలుగు గ్రూపుల్లో ఉంటాడు, ఆ లెక్కకి అర్థం లేదు. ఒకరి నుంచి ఒకరికి చేరిన గొలుసు శాంపిల్ అని రాసి ఊరుకోవడమే సరైన పని.

ముగింపు గడి: క్రియాపదాలు

ఈ గడికి ఉన్నవి 30 పదాలే. గడబిడంతా క్రియల్లోనే. "పెంచుతుంది", "ప్రేరేపిస్తుంది", "దారితీస్తుంది" అన్నవి కారణం చెప్పే మాటలు. ఒక్కసారి చేసిన సర్వే కారణం చెప్పదు. "శాంపిల్లో కనిపించింది", "ఈ డేటా తేల్చలేదు" అన్నవే దీనికి దక్కుతాయి.

మా విషయంలో కారణం జోలికి వెళ్ళకూడదనడానికి ఒక గట్టి ఆధారం ఉంది, అది ఇంటి దూరం. హిందూపురం, మదనపల్లె, కుప్పం వాళ్ళు పొద్దున వెళ్ళి ఓటేసి రాత్రికి తిరిగి రాగలరు. శ్రీకాకుళం వాళ్ళకి అది రెండు రాత్రుల ప్రయాణం, పైగా పోలింగ్ ముందు ప్రైవేటు బస్సుల రేట్లు. మీమ్స్ తయారుచేసేవాళ్ళలో దగ్గరి జిల్లాలవాళ్ళు ఎక్కువుంటే, మనం మీమ్ ప్రభావం అనుకునేది బస్సు టికెట్ ప్రభావం అయ్యుండొచ్చు. సర్వేలో సొంత జిల్లా అడిగాం కానీ 26 మందిని దూరాల వారీగా ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో నలుగురో ఐదుగురో మిగులుతారు. అందుకే ముగింపులో దూరం పేరు పెట్టి మరీ రాశాం. "మరింత పరిశోధన అవసరం" అన్న వాక్యం కన్నా ఇది తక్కువ పదాల్లో ఎక్కువ చెబుతుంది.

ఓటు వేశామని చెప్పడం వేరు, వేయడం వేరు. వేయనివాళ్ళలో కొందరు వేశామనే చెబుతారని ఎన్నికల సర్వేలు చేసేవాళ్ళందరికీ తెలుసు. "ఓటు వేశారు" అన్నచోటల్లా "వేసినట్టు చెప్పారు" అని మార్చాం.

పంపే ముందు

కాలేజీ పేరు, గ్రూపుల పేర్లు తీసేశాం. బ్లైండ్ రివ్యూలో "మా కాలేజీ తెలుగు సంఘం గ్రూపు" అన్న మాట చాలు రాసింది ఎవరో పట్టుకోవడానికి. స్క్రీన్‌షాట్లలో ఫోన్ నంబర్లు, డీపీలు ఉన్నాయి, అవి విద్యార్థులవి. వాటిని మసకచేసి కాకుండా పూర్తిగా కత్తిరించి ఉంచాం. ఫైలు ప్రాపర్టీస్‌లో రచయిత పేరు మిగిలిపోతుంది, అదీ చూసుకోవాలి.

ఫారంలో అతికించాక మైనస్ గుర్తు ఎగిరిపోయింది. ఒక్క గుర్తు పోయినందుకు అంతరం 10.1 నుంచి 30.5 అయిపోయింది, అంటే లేని సంబంధం ఉన్నట్టు తేలింది. గుర్తు బదులు "మైనస్" అని అక్షరాల్లో రాశాం.

శీర్షిక మొదట "మీమ్సే మా ఓటు" అని పెట్టుకున్నాం. ఫలితం చూశాక అది తేలనిదాన్ని తేల్చినట్టుంది, తీసేశాం.

పంపిన పాఠం తెలుగులో ఇలా ఉంటుంది, ఇంగ్లీషులో 250కి లోపే వచ్చింది:

రాజకీయ మీమ్స్ పంచుకోవడం, తయారుచేయడం, ఓటు వేయడం: బెంగళూరులో చదివే తెలుగు విద్యార్థుల సర్వే

నేపథ్యం: చదువు ఒక రాష్ట్రంలో, ఓటు మరో రాష్ట్రంలో ఉన్న విద్యార్థుల రాజకీయ భాగస్వామ్యాన్ని పోలింగ్‌తో మాత్రమే కొలిస్తే కొంతే కనబడుతుంది.

ఉద్దేశం: వీళ్ళలో రాజకీయ మీమ్స్ ఫార్వర్డ్ చేయడం, తయారుచేయడం ఎంతమేరకు ఉన్నాయో, తయారీకీ 2024 మే 13న ఓటు వేయడానికీ సంబంధం ఉందో చూడటం.

పద్ధతి: 2024 జూన్‌లో వాట్సాప్ గ్రూపుల ద్వారా గొలుసు శాంపిల్‌తో ఆన్‌లైన్ సర్వే (212 మంది). పోలింగ్‌కి ముందు 30 రోజుల్లో, ప్రతిఫలం లేకుండా, అభిప్రాయం చెప్పడానికో ఒప్పించడానికో చేసిన ఫార్వర్డ్‌నూ తయారీనీ మాత్రమే భాగస్వామ్యంగా లెక్కించాం. మీమ్ రాజకీయమా కాదా అన్నది 60 స్క్రీన్‌షాట్ల మీద ఇద్దరు విడివిడిగా కోడ్ చేశారు (కప్పా 0.77). ఓటు సమాచారం విద్యార్థులు చెప్పినదే.

ఫలితాలు: 212 మందిలో 138 మంది (65.1%) ఫార్వర్డ్ చేశారు, 31 మంది (14.6%) తయారుచేశారు. ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ ఓటర్ల జాబితాలో ఉన్నవారు 176 మంది. వీరిలో తయారుచేసిన 26 మందిలో 16 మంది (61.5%), చేయని 150 మందిలో 77 మంది (51.3%) ఓటు వేసినట్టు చెప్పారు. తేడా 10.2 శాతం పాయింట్లు (95% విశ్వాస అంతరం మైనస్ 10.1 నుంచి 30.5).

ముగింపు: ఈ శాంపిల్లో ఫార్వర్డ్ సాధారణం, తయారీ అరుదు. తయారీకీ ఓటుకీ సంబంధం ఉందో లేదో ఈ డేటా తేల్చలేదు. సొంతూరి దూరాన్ని విడదీసి చూడలేదు.

మిగిలిన పని పూర్తి పేపర్‌ది. మొదటి పట్టికలో 212 నుంచి 176కి, అక్కడి నుంచి 26కి ఎలా దిగామో ఒక్కో మెట్టు చూపించాలి. రెండో పట్టికలో ఓటును జిల్లాల వారీగా, బెంగళూరు నుంచి ఒక రాత్రి ప్రయాణం లోపలివి, బయటివి అని రెండు గుంపులుగా పెట్టాలి. మూడు చేస్తే గడులు ఖాళీ అవుతాయి.